ఉష్ణనిరోధక ట్యాంకులో వేడినీరు రాత్రికి రాత్రి ఎంత చల్లబడుతుంది? గుణదల శీతకాల పరిస్థితులలో ఒక లెక్క

కృష్ణా డెల్టాలో పాడి పని తెల్లవారుజామున నాలుగు గంటలకే మొదలవుతుంది. పాలు పితికే పాత్రలు, పాల క్యాన్లు, వడపోత గుడ్డలు ఆ వేళకే శుభ్రంగా ఉండాలి. పాలలోని కొవ్వు పూర్తిగా కరగడానికి సుమారు 40 డిగ్రీల సెల్సియస్ కావాలి. కడిగే నీరు అంతకంటే చల్లగా ఉంటే కొవ్వు పాత్ర గోడలకే తిరిగి అంటుకుంటుంది. కడిగేటప్పుడు నీరు మరికొంత వేడిని కోల్పోతుంది కనుక ట్యాంకు నుండి వచ్చే నీరు కనీసం 50 డిగ్రీలు ఉండడం మంచిది. సౌరశక్తితో నీటిని వేడిచేసే చోట ఒక చిక్కు ఉన్నది. సూర్యుడు ఇచ్చిన వేడి సాయంత్రం ఆరు గంటలతో ఆగిపోతుంది, దానిని వాడవలసిన సమయం మాత్రం పది గంటల తరువాత వస్తుంది. కాబట్టి సౌర వ్యవస్థ ఎంపికలో ఫలకం పరిమాణంతో పాటు ట్యాంకు ఆ పది గంటలలో ఎంత వేడిని నిలుపుకొంటుందో కూడా తెలియాలి.

క్షేత్రంలో ఈ ప్రశ్నకు పరస్పర విరుద్ధమైన జవాబులు వినిపిస్తాయి. ఒకరి ట్యాంకులో నీరు తెల్లవారేసరికి ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే తగ్గుతుంది. అదే పరిమాణం, అదే మందం గల నిరోధక పొర ఉన్న మరొకరి ట్యాంకులో ఎనిమిది డిగ్రీలు తగ్గుతుంది. ఈ తేడాకు సాధారణంగా నిరోధక పొర నాణ్యతనో, చలినో కారణంగా చెబుతారు. లెక్క వేసి చూస్తే చాలా సందర్భాలలో కారణం వేరే చోట కనిపిస్తుంది. విజయవాడ నగరంలోని గుణదల ప్రాంతపు జనవరి రాత్రిని ఆధారంగా తీసుకొని, ఒక 500 లీటర్ల ట్యాంకుకు ఈ లెక్కను దశలవారీగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లెక్కకు తీసుకున్న ట్యాంకు, వాతావరణం

ట్యాంకు లోపలి వ్యాసం 0.80 మీటరు, పొడవు 1.00 మీటరు గల స్తూపాకారం అనుకుందాం. దాని ఘనపరిమాణం దాదాపు 500 లీటర్లు. చుట్టూ 50 మిల్లీమీటర్ల పాలియురేథేన్ ఫోమ్ పొర, దానిపై పలుచని రేకు తొడుగు ఉన్నాయి. ట్యాంకు నాలుగు ఇనుప కాళ్ళపై డాబా మీద నిలబడి ఉన్నది. పక్కనే 8 చదరపు మీటర్ల సౌర ఫలకాలు ఉన్నాయి. పంపు లేదు. వేడెక్కిన నీరు తేలికై తనంతట తానే పైకి లేచే పద్ధతిలోనే నీరు తిరుగుతుంది.

సాయంత్రం ఆరు గంటలకు నీటి ఉష్ణోగ్రత 60 డిగ్రీలు. జనవరిలో విజయవాడ పరిసరాలలో పగటి గరిష్ఠం 30 డిగ్రీల దరిదాపుల్లో, రాత్రి కనిష్ఠం 19 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. సాయంత్రం ఆరు నుండి వేకువ నాలుగు వరకు గాలి ఉష్ణోగ్రత సగటు 22 డిగ్రీలు అని తీసుకుందాం. అంటే నీటికీ గాలికీ మధ్య తొలి తేడా 38 డిగ్రీలు. ఉష్ణాన్ని బయటకు నెట్టే ఒత్తిడి ఈ తేడాయే.

పొర గుండా పోయే ఉష్ణం

వేడి నీటి నుండి గాలికి చేరడానికి ఉష్ణం రెండు అడ్డంకులను దాటాలి. మొదటిది ఫోమ్ పొర. రెండవది బయటి రేకును ఆనుకొని ఉండే పలుచని గాలి పొర. లోపలి వైపు నీరు, ఉక్కు గోడ ఉష్ణాన్ని తేలికగా పోనిస్తాయి కనుక వాటి నిరోధాన్ని వదిలివేయవచ్చు.

పొడిగా ఉన్న పాలియురేథేన్ ఫోమ్ ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 0.025 వాట్లు. పొర మందాన్ని వాహకతతో భాగిస్తే నిరోధం వస్తుంది. 0.05ను 0.025తో భాగిస్తే 2.0. బయటి ఉపరితలం నుండి గాలి ప్రసరణ, వికిరణం రెండూ కలిసి చదరపు మీటరుకు డిగ్రీకి సుమారు 10 వాట్లు తీసుకుపోతాయి. దాని నిరోధం 0.1. మొత్తం నిరోధం 2.1. ఇందులో ఇరవై వంతుల్లో పందొమ్మిది వంతులు ఫోమ్‌దే. బయట గాలి కొంచెం ఎక్కువ వీచినా, తక్కువ వీచినా నష్టం పెద్దగా మారదన్న సంగతి ఇక్కడే తెలుస్తుంది.

ట్యాంకు లోపలి ఉపరితలం 3.5 చదరపు మీటర్లు, తొడుగు బయటి ఉపరితలం 4.4 చదరపు మీటర్లు. మధ్యస్థంగా 3.9 తీసుకుంటే నష్ట గుణకం ఇలా వస్తుంది.

```
UA = 3.9 / 2.1 = 1.86 W/K
```

అంటే నీటికీ గాలికీ మధ్య ఉన్న ప్రతి డిగ్రీ తేడాకు 1.86 వాట్ల ఉష్ణం పోతుంది. తేడా 38 డిగ్రీలు కనుక నష్టం సుమారు 71 వాట్లు. ఇది పాతకాలపు ఒక చిన్న బల్బు వాడే విద్యుత్తుకు సమానం.

ఇక నీటి వైపు చూద్దాం. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 4186 జౌళ్లు కావాలి. 500 కిలోల నీరు ఒక డిగ్రీ చల్లబడాలంటే 20.9 లక్షల జౌళ్లు బయటకు పోవాలి. 71 వాట్ల చొప్పున పది గంటలలో పోయేది సుమారు 25.5 లక్షల జౌళ్లు. రెండింటినీ భాగిస్తే తగ్గుదల 1.2 డిగ్రీలు మాత్రమే. తెల్లవారుజామున నాలుగు గంటలకు నీరు 58.8 డిగ్రీల వద్ద ఉండాలి.

చల్లబడేకొద్దీ తేడా తగ్గి, నష్టం కూడా తగ్గుతుంది. 1701లో న్యూటన్ ప్రతిపాదించిన శీతలీకరణ సూత్రం ప్రకారం దీని కచ్చితమైన రూపం ఇది.

```
T = Ta + (T0 - Ta) * exp(-t / τ)
τ = m * c / UA
```

ఇక్కడ T0 సాయంత్రపు నీటి ఉష్ణోగ్రత, Ta గాలి సగటు ఉష్ణోగ్రత, t గడచిన కాలం, m నీటి ద్రవ్యరాశి, c విశిష్టోష్ణం. τ అనే కాల స్థిరాంకం ట్యాంకు ఎంత నిదానంగా చల్లబడుతుందో ఒకే సంఖ్యలో చెబుతుంది. మన ట్యాంకుకు అది 313 గంటలు. పది గంటల రాత్రి దానిలో ముప్పయ్యవ వంతు మాత్రమే. అందువలన ఇక్కడ సూటి గుణకారానికీ, ఘాత సూత్రానికీ తేడా లేదనే చెప్పవచ్చు. కాల స్థిరాంకం యాభై గంటలకు తగ్గినప్పుడు మాత్రం ఘాత సూత్రమే వాడాలి.

లెక్కకూ, వాస్తవానికీ మధ్య దూరం

1.2 డిగ్రీల తగ్గుదల పొర గుండా పోయే ఉష్ణానికి మాత్రమే వర్తిస్తుంది. కాని డాబా మీది ట్యాంకు పొరలో చుట్టిన మూసిన పెట్టె కాదు. దానికి కాళ్ళు ఉంటాయి, గొట్టాలు ఉంటాయి. పొరను ఛేదించుకొని బయటకు వచ్చే ప్రతి లోహభాగమూ ఉష్ణానికి ఒక వంతెన.

ముందుగా కాళ్ళు. 40 మిల్లీమీటర్ల యాంగిల్ ఇనుముతో చేసిన కాలు ట్యాంకు గోడకే వెల్డింగ్ చేసి ఉంటే, ఉష్ణం గోడ నుండి కాలిలోకి, కాలి నుండి గాలిలోకి పోతుంది. ఇనుము వాహకత ఫోమ్ కంటే దాదాపు రెండు వేల రెట్లు ఎక్కువ. అడ్డుకోత చిన్నదైనా ఒక్కొక్క కాలు డిగ్రీకి 0.12 వాట్లు తీసుకుపోతుంది. నాలుగు కాళ్ళకు కలిపి సుమారు 0.5 వాట్లు. ఇది మొత్తం ట్యాంకు పొర గుండా పోయే నష్టంలో నాలుగవ వంతు.

తరువాత గొట్టాలు. అసలు విషయం ఇక్కడే ఉన్నది. ట్యాంకు పైభాగం నుండి నిలువుగా పైకి లేచే గొట్టంలో నీరు కదలకుండా ఉండదు. గొట్టం గోడను ఆనుకొని చల్లబడిన నీరు బరువెక్కి ట్యాంకులోకి దిగుతుంది, దాని స్థానంలోకి నడిమి నుండి వేడినీరు పైకి వస్తుంది. కొళాయి తెరవకపోయినా ఈ చిన్న ప్రవాహం రాత్రంతా సాగుతుంది. కనుక గొట్టం మొత్తం ఇంచుమించు ట్యాంకు వేడిలోనే ఉంటుంది. ఒక అంగుళం జి.ఐ. గొట్టం బయటి ఉపరితలం మీటరు పొడవుకు 0.105 చదరపు మీటరు. పైన పొర లేకపోతే మీటరుకు, డిగ్రీకి సుమారు 1 వాటు పోతుంది. గాలి గొట్టం, వేడినీటి గొట్టం కలిపి రెండు మీటర్లు వట్టిగా ఉన్నాయనుకుంటే నష్టం 2.1 వాట్లు. నాలుగు చదరపు మీటర్ల పొర చుట్టిన ట్యాంకు మొత్తం కోల్పోయేది 1.86 వాట్లే. అంటే రెండు మీటర్ల వట్టి గొట్టం ఒక్కటే ట్యాంకు అంతటికంటే ఎక్కువ వేడిని పారబోస్తుంది.

| ఉష్ణం పోయే దారి | డిగ్రీ తేడాకు నష్టం (వాట్లు) |
|---|---|
| 50 మి.మీ. ఫోమ్ పొర | 1.86 |
| నాలుగు ఇనుప కాళ్ళు | 0.48 |
| పొర లేని రెండు మీటర్ల గొట్టం | 2.10 |
| మొత్తం | 4.44 |

మొత్తం 4.44 వాట్లు అయినప్పుడు కాల స్థిరాంకం 131 గంటలకు దిగుతుంది. రాత్రి తగ్గుదల 2.8 డిగ్రీలు అవుతుంది. వేకువకు నీరు 57.2 డిగ్రీల వద్ద ఉంటుంది. గొట్టాలు అలా వదిలేసిన చక్కని ట్యాంకు నుండి ఆశించదగిన ఫలితం ఇది.

నిర్మల ఆకాశం గురించి కూడా ఒక మాట చెప్పాలి. జనవరి రాత్రి బయటి రేకు ఆకాశానికి వికిరణం చేసి గాలి కంటే చల్లబడుతుంది. వట్టి రేకు డబ్బాకు ఇది పెద్ద నష్టమే. కాని నిరోధక పొర ఉన్న ట్యాంకులో ఆ చలి లోపలికి చేరడానికి అదే ఫోమ్‌ను దాటాలి. రేకు సగటున మూడు డిగ్రీలు అదనంగా చల్లబడిందనుకున్నా తేడా 38 నుండి 41 డిగ్రీలకే పెరుగుతుంది. నష్టంలో పెరుగుదల పదోవంతుకు లోపే. డెల్టాలో గాలి తేమగా ఉండడం వలన ఆకాశం లాగివేసే వేడి పొడి ప్రాంతాల కంటే తక్కువే. కనుక ఎనిమిది డిగ్రీల తగ్గుదలను చలిపై నెట్టివేయలేము.

ఎనిమిది డిగ్రీలు తగ్గిన ట్యాంకు ఏమి చెబుతుంది

ఇప్పుడు అదే ట్యాంకులో నీరు సాయంత్రం 60 డిగ్రీలు, వేకువ 52 డిగ్రీలు ఉన్నదనుకుందాం. కొలిచిన ఉష్ణోగ్రతల నుండి నష్ట గుణకాన్ని వెనక్కు లెక్కించవచ్చు. గాలితో తేడా 38 నుండి 30కి తగ్గింది.

```
τ  = t / ln(38/30) = 10 / 0.236 = 42.3 h
UA = 2093000 / (42.3 * 3600) = 13.7 W/K
```

మనం పేరు పెట్టగలిగిన నష్టాలు 4.4 వాట్లు మాత్రమే. మిగిలిన 9.3 వాట్లు ఎక్కడికి పోతున్నాయన్నదే ప్రశ్న. సంఖ్య చేతిలో ఉంటే అనుమానితులను ఒక్కొక్కరిగా తోసివేయవచ్చు.

మొదటి అనుమానితుడు తడిసిన పొర. తొడుగు అతుకుల గుండా వాన నీరు దిగితే ఫోమ్ లేదా గ్లాస్ వూల్ గదులలో గాలికి బదులు నీరు చేరుతుంది. నీటి వాహకత నిశ్చల గాలి కంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. పొర వాహకత 0.025 నుండి 0.1కి, అంటే నాలుగు రెట్లకు పెరిగిందనుకున్నా, మొత్తం నిరోధం 0.6 అయి పొర నష్టం 6.5 వాట్లకు చేరుతుంది. అదనం 4.6 వాట్లు. కాబట్టి పొర నలువైపులా బాగా తడిసినా కనిపించని నష్టంలో సగమే దానికి అంటగట్టగలం.

రెండవ అనుమానితుడు రాత్రి వేళ తిరగబడిన ప్రవాహం. పగలు ఫలకంలో వేడెక్కిన నీరు పైకి లేచి ట్యాంకులో చేరుతుంది, అడుగున ఉన్న చల్లని నీరు ఫలకంలోకి దిగుతుంది. రాత్రి ఫలకం ఆకాశం కింద చల్లబడుతుంది. ట్యాంకు అడుగుభాగం ఫలకం పైఅంచు కంటే తగినంత ఎత్తులో లేకపోతే, ఫలకంలోని చల్లని, బరువైన నీరు కింది గొట్టం గుండా ట్యాంకు అడుగుకు నెట్టుకొస్తుంది. ఆ ఖాళీని నింపడానికి ట్యాంకులోని వేడినీరు పై గొట్టం గుండా ఫలకంలోకి దిగుతుంది. అంటే పగలు వేడిని సంపాదించిన ఫలకమే రాత్రి దానిని ఆకాశానికి తిరిగి ఇస్తుంది.

సాధారణ ఫలకం చదరపు మీటరుకు, డిగ్రీకి 4 నుండి 5 వాట్లు కోల్పోతుంది. 8 చదరపు మీటర్లకు ఇది సుమారు 36 వాట్లు. ఫలకం మొత్తం ట్యాంకు వేడికి చేరనక్కర లేదు. నీరు అతి నిదానంగా తిరిగి, ఆ నష్టంలో నాలుగో వంతు జరిగినా 9 వాట్లు వస్తాయి. మన లెక్కలో లోటు 9.3. అందువలన ఈ ట్యాంకులో ముందుగా పరీక్షించవలసింది తిరగబడిన ప్రవాహాన్నే.

దీనికి రెండు గుర్తులు ఉన్నాయి. రాత్రి తొమ్మిది గంటలకు ఫలకం పైఅంచున ఉన్న గొట్టాన్ని చేతితో తాకి చూడాలి. ప్రవాహం తిరగబడకపోతే అది గాలి అంత చల్లగా ఉంటుంది. వెచ్చగా తగిలితే ట్యాంకు నీరు ఫలకంలోకి దిగుతున్నదని అర్థం. రెండవ గుర్తు ట్యాంకు అడుగు ఉష్ణోగ్రత. చల్లబడిన నీరు అడుగుకే చేరుతుంది కనుక పైన నీరు 59 డిగ్రీలు ఉండగా అడుగున 40 డిగ్రీలు కనిపించవచ్చు. మరింత తిరుగులేని రుజువు కావాలంటే ఒక రాత్రి ఫలకానికీ ట్యాంకుకూ మధ్య ఉన్న వాల్వును మూసివేసి అదే కొలత మళ్ళీ తీయాలి. తగ్గుదల ఎనిమిది నుండి మూడు డిగ్రీలకు పడిపోతే కారణం తేలినట్లే. ఉదయం ఎండ ఫలకంపై పడక ముందే ఆ వాల్వును తెరవడం మరువరాదు. మూసిన ఫలకంలో నీరు మరిగి ఒత్తిడి పెరుగుతుంది.

నమ్మదగిన కొలతకు పాటించవలసినవి

పైన చెప్పిన వెనక్కు లెక్క ఎంత సరైనదో కొలత కూడా అంత సరిగా ఉంటేనే పనికివస్తుంది. కొలతను నాలుగు విషయాలు చెడగొడతాయి.

మొదటిది పొరల సమస్య. నిలకడగా ఉన్న ట్యాంకులో వేడినీరు పైన, చల్లని నీరు అడుగున పొరలుగా నిలుస్తాయి. పైభాగంలో ఒక్క థర్మామీటరు పెట్టి చూస్తే రాత్రంతా నష్టమే లేనట్లు కనిపిస్తుంది. అడుగున పెడితే నష్టం రెట్టింపు కనిపిస్తుంది. పైన, నడుమ, అడుగున మూడు చోట్ల కొలిచి సగటు తీసుకోవాలి. సాయంత్రం, వేకువ రెండు సార్లూ అవే స్థానాలలో కొలవాలి.

రెండవది నీటి వాడకం. రాత్రి ఎవరైనా రెండు బకెట్లు, అంటే 30 లీటర్లు తోడుకుంటే ఆ స్థానంలో సుమారు 25 డిగ్రీల నీరు వచ్చి చేరుతుంది. 500 లీటర్లలో 30 లీటర్లకు 35 డిగ్రీల లోటు అంటే సగటు 2.1 డిగ్రీలు పడిపోతుంది. పొర గుండా రాత్రంతా జరిగే నష్టం కంటే ఇది ఎక్కువ. కనుక కొలిచే రాత్రి వేడినీటి కొళాయిని, చల్లనీరు వచ్చే గొట్టాన్ని రెండింటినీ మూసి ఉంచాలి. గాలి గొట్టాన్ని మాత్రం మూయరాదు.

మూడవది థర్మామీటరు. మంచి ట్యాంకులో తగ్గుదల ఒకటి రెండు డిగ్రీలే. ఒక డిగ్రీ అటూ ఇటూ చూపే పరికరంతో దానిని కొలిస్తే వచ్చే సంఖ్యకు అర్థం ఉండదు. డిగ్రీలో పదోవంతు చదవగలిగిన పరికరం కావాలి, రెండు కొలతలకూ అదే పరికరాన్ని వాడాలి.

నాలుగవది గాలి ఉష్ణోగ్రత. ట్యాంకు దగ్గర నీడలో, రెండు గంటలకు ఒకసారి చదివి సగటు తీసుకుంటే సరిపోతుంది. ఆ సగటు ఒక డిగ్రీ తప్పినా 38 డిగ్రీల తేడాలో అది మూడు శాతం లోపే కనుక ఇక్కడ అతి జాగ్రత్త అక్కరలేదు.

పరికరాలు లేని చోట ఉపయోగపడే ఒక సహజ పరీక్ష కూడా ఉన్నది. లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పొర బయటి ఉపరితలం గాలి కంటే రెండు డిగ్రీలకు మించి వేడిగా ఉండదు. శీతకాలపు నిర్మల రాత్రిలో ఆకాశ వికిరణం ఆ కాస్త వేడిని కూడా మించిపోతుంది కనుక వేకువన తొడుగు పైభాగం మీద మంచు బిందువులు పడతాయి. మంచు పట్టిన తొడుగు మీద ఒక్క చోట పొడి మచ్చ కనిపిస్తే అక్కడ లోపలి వేడి బయటకు వస్తున్నదని తెలుసుకోవాలి. ఫోమ్ నింపేటప్పుడు మిగిలిన ఖాళీలు, తడిసిన అతుకులు ఇలాగే బయటపడతాయి. మేఘావృతమైన రాత్రి ఈ పరీక్ష పనిచేయదు.

ఏ మరమ్మతు ఎంత ఫలితం ఇస్తుంది

తగ్గుదల ఎక్కువగా ఉన్నదనగానే పొర మందం పెంచమని సలహా ఇవ్వడం పరిపాటి. మన ట్యాంకుకు 50 మిల్లీమీటర్లకు బదులు 100 మిల్లీమీటర్ల ఫోమ్ వేస్తే పొర నష్టం 1.86 నుండి సుమారు 1.06కు తగ్గుతుంది. లాభం డిగ్రీకి 0.8 వాట్లు, అంటే రాత్రికి అర డిగ్రీ. పెరిగిన మందంతో బయటి ఉపరితలం కూడా పెరుగుతుంది కనుక రెట్టింపు మందానికి నష్టం సరిగ్గా సగం కాదు.

అదే రెండు మీటర్ల గొట్టానికి 25 మిల్లీమీటర్ల రబ్బరు ఫోమ్ తొడుగు వేస్తే మీటరుకు నష్టం 1 వాటు నుండి పావు వాటుకు పడిపోతుంది. లాభం 1.6 వాట్లు. చిన్న పనితో రెండింతల ఫలితం. గొట్టం ట్యాంకు నుండి బయలుదేరగానే ఒక అడుగు కిందికి వంగి తరువాత పైకి లేచేలా అమరిస్తే వేడినీరు దానిలోకి తనంతట తాను ఎక్కలేదు, లోపలి ప్రవాహం కూడా ఆగుతుంది. గాలి గొట్టానికి మాత్రం ఇలా వంపు పెట్టరాదు. వంపులో నీరు నిలిచి గాలి దారి మూసుకుపోతుంది.

తిరగబడిన ప్రవాహానికి మందు ఎత్తే. ట్యాంకు అడుగు ఫలకం పైఅంచు కంటే కనీసం 30 సెంటీమీటర్లు పైన ఉండాలి. ఆ ఎత్తు కుదరని డాబాల మీద ఒకే వైపు నీటిని పోనిచ్చే వాల్వును అమర్చాలి. పంపు లేని వ్యవస్థలో ప్రవాహపు ఒత్తిడి అతి స్వల్పం కనుక బిగువైన స్ప్రింగ్ ఉన్న వాల్వు పగటి ప్రవాహాన్ని కూడా ఆపివేస్తుంది. తేలికగా తెరుచుకునే రకాన్నే ఎన్నుకోవాలి.

గొట్టాలకు తొడుగు వేసి, ప్రవాహాన్ని సరిదిద్దిన తరువాత నష్ట గుణకం 2.84 వాట్లకు, రాత్రి తగ్గుదల 1.8 డిగ్రీలకు దిగుతుంది. వేకువ నీరు 52కు బదులు 58.2 డిగ్రీల వద్ద ఉంటుంది. ఈ 6.2 డిగ్రీల తేడా విలువ 130 లక్షల జౌళ్లు, అంటే 3.6 యూనిట్ల విద్యుత్తు. నెలకు 108 యూనిట్లు. వంటగ్యాసుతో వేడిచేస్తే, 55 శాతం సామర్థ్యం గల పొయ్యిపై రోజుకు సుమారు అర కిలో గ్యాసు. 60 డిగ్రీలతో మొదలైన రోజున ఈ తేడాను పాడి రైతు గమనించకపోవచ్చు. మబ్బు పట్టి సాయంత్రానికి నీరు 55 డిగ్రీలే చేరిన రోజున మాత్రం లోపం ఉన్న ట్యాంకు వేకువకు 48 డిగ్రీలకు దిగిపోతుంది, సరిదిద్దిన ట్యాంకు 53 డిగ్రీల పైన నిలుస్తుంది. కావలసిన 50 డిగ్రీల గీత సరిగ్గా ఈ రెండింటి మధ్య ఉన్నది.

స్థానికంగా చేసిన ట్యాంకులు, పెద్ద ట్యాంకులు

డెల్టాలో వరి ఊకకు కొదవ లేదు. పొడి ఊక ఉష్ణవాహకత సుమారు 0.06. దీనిని బట్టి 50 మిల్లీమీటర్ల ఫోమ్ చేసే పనిని 120 మిల్లీమీటర్ల ఊక చేస్తుంది. రెండు డ్రమ్ముల మధ్య ఊక కూరి చేసిన ట్యాంకు ఈ లెక్క ప్రకారం బాగానే పనిచేయాలి. పరిమితులు రెండు. ఊక కాలక్రమేణా కిందికి దిగి పైన ఖాళీ ఏర్పడుతుంది. ట్యాంకులో అత్యంత వేడి నీరు ఉండేది ఆ పైభాగంలోనే. ఏటా ఒకసారి పైన ఊక నింపాలి. రెండవది, ఊక తడిస్తే ఆరదు, కుళ్ళుతుంది. బయటి తొడుగు అతుకులు వాన నీటికి మూసుకొని ఉండాలి.

ఇలాంటి ట్యాంకులలో మూత విషయం మరింత కీలకం. నీటి ఉపరితలం గాలికి తెరిచి ఉంటే ఉష్ణం పొర గుండా కాక ఆవిరి రూపంలో పోతుంది. 60 డిగ్రీల నీటి అర చదరపు మీటరు ఉపరితలం నుండి, చిరుగాలిలో, ఆవిరి, ప్రసరణ, వికిరణం కలిసి తొలి గంటలో సుమారు 1000 వాట్లు తీసుకుపోతాయి. అందులో ముప్పాతిక భాగం ఆవిరిదే. పొర గుండా పోయే 71 వాట్లతో పోలిస్తే ఇది పద్నాలుగు రెట్లు. మొదటి గంటలోనే నీరు డిగ్రీన్నరకు మించి చల్లబడుతుంది. కనుక మూత బిగువుగా లేని ట్యాంకుకు పక్కల ఎంత మందపు పొర వేసినా ఫలితం ఉండదు. మూత అడుగున నీటి చుక్కలు చేరి అంచుల నుండి బయటకు కారుతున్నాయంటే ఆవిరి తప్పించుకుంటున్నదని గ్రహించాలి.

పరిమాణం పెరిగేకొద్దీ ట్యాంకు నిదానంగా చల్లబడుతుంది. ఘనపరిమాణం నాలుగు రెట్లు అయితే ఉపరితలం రెండున్నర రెట్లే పెరుగుతుంది. అదే ఆకారం, అదే పొర గల 2000 లీటర్ల ట్యాంకు పొర నష్టం వల్ల రాత్రికి 0.8 డిగ్రీ కోల్పోతే, 100 లీటర్ల ట్యాంకు 2 డిగ్రీలు కోల్పోతుంది. ఉయ్యూరు వంటి చెరకు ప్రాంతాలలో విత్తనపు ముచ్చెలను 50 నుండి 52 డిగ్రీల వేడినీటిలో శుద్ధి చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోదగినది. ఆ పనిలో డిగ్రీ తక్కువైతే తెగులు క్రిమి మిగులుతుంది, రెండు మూడు డిగ్రీలు ఎక్కువైతే కన్ను దెబ్బతింటుంది. ముందు రోజు వేడిచేసిన నీటిని నాలుగు చిన్న ట్యాంకులలో కంటే ఒకే పెద్ద ట్యాంకులో నిలువ ఉంచితే ఉదయపు ఉష్ణోగ్రతను ముందుగానే అంచనా వేయవచ్చు, చేర్చవలసిన ఇంధనమూ తగ్గుతుంది. అయితే శుద్ధి తొట్టిలో ఉష్ణోగ్రతను నిలిపే బాధ్యత ట్యాంకుది కాదు. చల్లని ముచ్చెలు వేయగానే పడిపోయే డిగ్రీలను హీటరే పూరించాలి.

విద్యార్థులు ఈ లెక్కను తమ కళాశాల వసతిగృహపు ట్యాంకుపై ఒక్క రాత్రిలో సరిచూడవచ్చు. సాయంత్రం, వేకువ మూడేసి కొలతలు, గాలి ఉష్ణోగ్రత సగటు, ట్యాంకు కొలతలు చాలు. కొలత నుండి వచ్చిన నష్ట గుణకాన్ని పొర మందం నుండి వచ్చిన గుణకంతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. మన ట్యాంకు వంటి వాటిలో అది రెండు దరిదాపుల్లో ఉంటే గొట్టాల తొడుగును, మూడు నాలుగు అయితే తడిసిన పొరను, ఏడు ఎనిమిది అయితే ఫలకం ఎత్తును ముందుగా చూడాలి.